టర్కీ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో ‘Onayla’ నొక్కే ముందు: నెట్‌వర్క్, మెమో, ఫీజు గడులు నింపే పద్ధతి

పోయిన చలికాలంలో ఒక రాత్రి పదింటికి, అంకారాలో చదువుకుంటున్న కరీంనగర్ తమ్ముడొకడు నాకు ఫోన్ చేశాడు. “అన్నా, మూడు రోజుల కింద పంపిన ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లు ఇవాళ వెళ్లిపోయినట్టు చూపిస్తోంది. అవతల అకౌంట్లో మాత్రం సున్నానే ఉంది” అన్నాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. చూస్తే విషయం అర్థమైంది. అవతలి ఎక్స్ఛేంజ్ ఇచ్చిన తొమ్మిదంకెల ట్యాగ్ నంబరును ‘Etiket’ గడిలో రాయాల్సింది పోయి, దాని కిందున్న ‘Açıklama’ గడిలో రాశాడు. నంబరు సరైనదే, గడి తప్పింది. ఆ కాయిన్లు అతని అకౌంట్లోకి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

టర్కీ ఎక్స్ఛేంజ్‌లో కాయిన్లు బయటికి పంపే ఆ స్క్రీన్ మీద ప్రతి గడీ ఒకరి కోసం ఉంటుంది. నెట్‌వర్క్, అడ్రస్, మెమో అనే మూడు గడులూ కాయిన్లు అందుకునే వైపువి. అక్కడ ఏం ఉంటే ఇక్కడ అదే రాయాలి. ‘Açıklama’ గడి, వాలెట్ ఎవరిదన్న ప్రశ్న టర్కీ ప్రభుత్వ నిబంధనల కోసం. ఫీజు వరుస పంపే ఎక్స్ఛేంజ్‌ది. ఏ గడి ఎవరిదో తెలిస్తే టర్కిష్ రాకపోయినా తప్పు జరగదు. ఇస్తాంబుల్, అంకారాల్లో ఉండే మనవాళ్లలో చాలామంది భాష పూర్తిగా రాకుండానే ఈ యాప్‌లు వాడుతున్నారు కాబట్టి, ఈ స్క్రీన్‌ను పైనుంచి కిందికి ఒక్కో గడిగా చూద్దాం. యాప్‌ను బట్టి మాటలు, వరుస కొంచెం మారతాయి గానీ గడులు దాదాపు ఇవే.

స్క్రీన్ మీది మాటలు

విత్‌డ్రా బటన్ మీద ‘Çek’ అనో ‘Çekim’ అనో ఉంటుంది. Ç ని ‘చ’ అని పలకాలి. ‘చెక్మెక్’ అంటే లాగడం, మన లెక్కలో డబ్బు బయటికి తీయడం. ‘Yatır’ అంటే డిపాజిట్. ఈ రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి. ‘Ağ’ అంటే నెట్‌వర్క్. దీన్ని దాదాపు ‘ఆ’ అని పలుకుతారు. చేపలు పట్టే వలకు కూడా టర్కీలో ఇదే మాట.

హైదరాబాద్ వైపు వాళ్లకు మిగతా మాటల్లో కొన్ని చుట్టాల్లా తగులుతాయి. ‘Hesap’ అంటే అకౌంటు, మన హిసాబే. ‘Miktar’ అంటే పరిమాణం, ఉర్దూలో మిక్దార్. ‘Ücret’ ను ‘ఉజ్రెత్’ అంటారు. అది ఉర్దూలో కూలికి వాడే ఉజ్రత్, ఇక్కడ ఫీజు. టర్కిష్‌లో C ని ‘జ’ అని పలకాలని గుర్తుంటే ఈ చుట్టరికం కనిపిస్తుంది.

ఇక ‘Etiket’ అంటే లేబుల్. బజారులో చొక్కాకు వేలాడే ధర చీటీని కూడా ఎతికెత్ అనే అంటారు. క్రిప్టోలో ఇది మెమో లేదా ట్యాగ్. కొన్ని యాప్‌లలో ‘Hedef Etiketi’ అని, కొన్నింట్లో ‘Memo’ అని ఉంటుంది. ‘Açıklama’ అంటే వివరణ. ‘Uyarı’ అంటే హెచ్చరిక. చివర్లో వచ్చే ‘Onayla’ అంటే నిర్ధారించు, ‘İptal’ అంటే రద్దు.

ముందు తెరవాల్సింది అవతలి స్క్రీన్

చాలామంది పంపే యాప్ తెరిచి, కాయిన్ ఎంచుకుని, నెట్‌వర్క్ దగ్గరికి వచ్చాక ఆలోచనలో పడతారు. ఆ వరుస తలకిందులు. ముందు కాయిన్లు ఎక్కడికి చేరాలో అక్కడి డిపాజిట్ పేజీ తెరవండి. వీలైతే అది ఫోన్లో, పంపే పేజీ లాప్‌టాప్‌లో పెట్టుకోండి. రెండు స్క్రీన్లూ కళ్ల ముందు ఉంటే గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

డిపాజిట్ పేజీలో కాయిన్ ఎంచుకోగానే అది ఏ నెట్‌వర్క్‌ల మీద తీసుకుంటుందో చూపిస్తుంది. అందులో ఒకటి ఎంచుకుంటే అడ్రస్ వస్తుంది. మెమో అవసరమైతే అడ్రస్ కింద విడిగా వస్తుంది. కనీస డిపాజిట్ కూడా అక్కడే రాసి ఉంటుంది. అంతకంటే తక్కువ పంపితే కొన్నిచోట్ల అకౌంట్లో జమ కాదు. ఇండియాలోని ఎక్స్ఛేంజ్‌కి పంపాలనుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అన్ని యాప్‌లూ బయటినుంచి కాయిన్ల డిపాజిట్ తీసుకోవు, తీసుకున్నా అన్ని కాయిన్లకూ తీసుకోవు. ఆ పేజీలో అడ్రస్ రాలేదంటే దారి లేదన్నట్టే. పాత అడ్రస్ ఏదో నోట్స్‌లో ఉందని దాన్ని వాడకండి.

‘Ağ’: ఏ దారిన పంపాలి

డాలర్ విలువతో నడిచే యూఎస్‌డీటీ కాయిన్ పంపుతున్నారనుకోండి. ‘Ağ’ గడి నొక్కితే ట్రాన్‌ది TRC20, ఎథీరియంది ERC20, బీఎన్‌బీ స్మార్ట్ చైన్‌ది BEP20 అని, ఒక్కోసారి Solana, Avalanche C-Chain అని వస్తాయి. పేరు ఒకటే, విలువ ఒకటే, కానీ ఇవి వేర్వేరు పుస్తకాల్లో రాసిన లెక్కలు. ట్రాన్ పుస్తకంలో రాసింది ఎథీరియం పుస్తకంలో కనపడదు. అవతలివాళ్లు ఏ పుస్తకం తెరిచి చూస్తారో అందులోనే మనం రాయించాలి. అందుకే రెండు స్క్రీన్లలోనూ ఉన్న నెట్‌వర్క్‌నే ఎంచుకోవాలి. అలాంటివి రెండు మూడు ఉంటేనే ఫీజు చూసి తక్కువది తీసుకోవచ్చు. ఫీజు ముందు చూసి, నెట్‌వర్క్ తర్వాత సరిపెట్టుకుందాం అనుకుంటేనే చిక్కు.

అడ్రస్ రూపమే కొంత కాపలా కాస్తుంది. ట్రాన్ అడ్రస్ T తో మొదలవుతుంది, మొత్తం 34 అక్షరాలు. ఎథీరియం అడ్రస్ 0x తో మొదలవుతుంది, 42 అక్షరాలు. TRC20 ఎంచుకుని 0x అడ్రస్ అతికిస్తే ‘Geçersiz adres’, అంటే చెల్లని అడ్రస్ అని యాప్ ఎర్రగా చూపించి ఆపేస్తుంది. ఇలాంటి తప్పుకి భయపడక్కర్లేదు, ముందుకే పోనివ్వదు.

అసలు ప్రమాదం యాప్ ఆపలేని చోట ఉంది. ఎథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చైన్, అవలాంచ్ సీ-చైన్, పాలిగాన్, ఆర్బిట్రమ్, వీటన్నిటికీ అడ్రస్ రూపం ఒకటే: 0x, ఆ తర్వాత 40 అక్షరాలు. మీరు ఏది ఎంచుకున్నా యాప్‌కి అది చెల్లే అడ్రస్సే. ఎర్ర గీత రాదు, హెచ్చరిక సాధారణంగా వచ్చేదే వస్తుంది. అవతలి ఎక్స్ఛేంజ్ ERC20 మాత్రమే తీసుకుంటుంటే, మీరు ఫీజు తక్కువని BEP20 లో పంపారనుకోండి, కాయిన్లు ఆ అడ్రస్‌కే చేరతాయి, కానీ వాళ్లు చూడని పుస్తకంలో. కాబట్టి 0x అడ్రస్ కనిపించినప్పుడల్లా ‘చెల్లింది కదా’ అని ధైర్యపడకుండా, అవతలి స్క్రీన్ మీది నెట్‌వర్క్ పేరును వేలు పెట్టి చదవండి.

పేర్లు కూడా కొంచెం తికమక పెడతాయి. ఒక యాప్‌లో ‘Ethereum’ అని, ఇంకోదాంట్లో ‘ERC20’ అని ఉంటే రెండూ ఒకటే. ‘Tron’, ‘TRC20’ కూడా అంతే. కానీ ‘BEP2’, ‘BEP20’ ఒకటి కావు. ఆ BEP2 చైన్‌ను 2024లో మూసేశారు కూడా. ఎక్స్‌ఆర్‌పీ లాంటి కాయిన్‌కి సొంత నెట్‌వర్క్ ఉన్నా, బీఎన్‌బీ చైన్ మీద దాని ప్రతిరూపం కూడా ఒకటి తిరుగుతుంటుంది. లిస్టులో ‘XRP Ledger’ లేదా ‘Ripple’ అని ఒకటి, BEP20 అని ఒకటి కనిపిస్తే, అవతల r తో మొదలయ్యే అడ్రస్ ఇచ్చారా, 0x తో ఇచ్చారా చూసుకోండి. r అయితే మొదటిది.

ఎక్స్ఛేంజ్‌కి కాకుండా మీ సొంత వాలెట్‌కి పంపుతుంటే ఇంకో మాట. TRC20 లో యూఎస్‌డీటీ వచ్చి పడుతుంది గానీ, దాన్ని మళ్లీ కదిలించాలంటే నెట్‌వర్క్ ఫీజు కోసం ఆ వాలెట్‌లో కొంచెం టీఆర్‌ఎక్స్ కాయిన్ ఉండాలి. ERC20 కి ఈథర్, BEP20 కి బీఎన్‌బీ ఉండాలి. వాలెట్ ఖాళీగా ఉన్నప్పుడు యూఎస్‌డీటీ ఒక్కటే పంపి, తర్వాత కదల్లేక కూర్చున్నవాళ్లను చూశాను.

అడ్రస్ గడి

ఇక్కడ పెద్దగా చెప్పేది లేదు. చేత్తో టైప్ చేయకండి. కాపీ చేయండి లేదా క్యూఆర్ స్కాన్ చేయండి. అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలతో పాటు మధ్యలో ఎక్కడైనా నాలుగు అక్షరాలు కూడా పోల్చండి. మొదలూ చివరా మీ అడ్రస్‌లాగే ఉండే దొంగ అడ్రస్‌లు తయారుచేసి, మీ వాలెట్ హిస్టరీలో కనపడేలా చిన్న మొత్తాలు పంపే మోసం నడుస్తోంది. అందుకే పాత లావాదేవీ నుంచి అడ్రస్ కాపీ చేసుకునే అలవాటు మానుకోవాలి. ‘Adres Defteri’, అంటే అడ్రస్ బుక్ ఉంటే, ఒకసారి సరిగ్గా పరీక్షించిన అడ్రస్‌ను ట్యాగ్‌తో సహా అందులో దాచుకోండి.

‘Etiket’ గడి: అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబరు

ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్, టాన్, కాస్మోస్, హెడెరా లాంటి నెట్‌వర్క్‌లలో చాలా ఎక్స్ఛేంజ్‌లు కస్టమర్లందరికీ కలిపి ఒకే అడ్రస్ వాడతాయి. అడ్రస్ అపార్ట్‌మెంట్ పేరు అనుకుంటే, మెమో ఫ్లాట్ నంబరు. ఫ్లాట్ నంబరు రాయకపోతే పార్సిల్ వాచ్‌మన్ దగ్గర ఆగిపోయినట్టు, కాయిన్లు ఎక్స్ఛేంజ్ దగ్గరికి చేరతాయి గానీ ఎవరివో తెలియక ఆగిపోతాయి.

ఎక్స్‌ఆర్‌పీలో ట్యాగ్ అంటే అంకెలు మాత్రమే. 0 నుంచి 4294967295 దాకా ఏదైనా కావచ్చు. అక్షరాలు, ఖాళీలు పట్టవు. స్టెల్లార్‌లో మెమోకి రకాలున్నాయి: అంకెల ఐడీ ఒకటి, 28 బైట్ల దాకా పట్టే టెక్స్ట్ ఇంకొకటి. అవతలి పేజీలో ఏ రకం అని రాసి ఉంటే ఇక్కడా అదే ఎంచుకోవాలి. నంబరు ఒకటే కదా అని రకం మార్చకూడదు.

ఒక్కోసారి అవతలి యాప్ r తో కాకుండా X తో మొదలయ్యే పొడవాటి ఎక్స్‌ఆర్‌పీ అడ్రస్ ఇస్తుంది. అందులో ట్యాగ్ కూడా కలిసే ఉంటుంది. పంపే యాప్ ఆ రూపాన్ని ఒప్పుకోకపోతే, అవతలి పేజీలో r అడ్రస్, ట్యాగ్ విడివిడిగా చూపించే ఆప్షన్ వెతకండి.

సొంత వాలెట్‌కి పంపేటప్పుడు మెమో అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఇల్లంతా మీదే. అందుకే చాలా యాప్‌లలో ‘Etiket yok’ అనో, ‘ట్యాగ్ లేకుండా కొనసాగు’ అనే అర్థం వచ్చేలానో ఒక చిన్న టిక్ పెట్టె ఉంటుంది. అంకారా తమ్ముడు నొక్కింది సరిగ్గా దాన్నే. గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వడం లేదని టిక్ పెట్టాడు. ఎక్స్ఛేంజ్‌కి పంపుతున్నప్పుడు అవతల మెమో ఇచ్చి ఉంటే ఆ పెట్టెను ముట్టుకోవద్దు. ఎక్స్‌ఆర్‌పీలో మాత్రం ఒక రక్షణ ఉంది: అందుకునే అకౌంటు ‘ట్యాగ్ తప్పనిసరి’ అని సెట్ చేసుకుని ఉంటే, ట్యాగ్ లేని పంపకాన్ని నెట్‌వర్కే తిప్పికొడుతుంది. కానీ అవతలివాళ్లు ఆ సెట్టింగ్ పెట్టుకున్నారో లేదో మీకు స్క్రీన్ మీద కనపడదు, దాని మీద ఆధారపడకూడదు.

‘Açıklama’ గడి: ఇది మెమో కాదు

టర్కీ స్క్రీన్‌కి ప్రత్యేకమైన గడి ఇదే, తప్పులు ఎక్కువ పుట్టేదీ ఇక్కడే. టర్కీలో 2024 జులైలో 7518 నంబరు చట్టం వచ్చి, క్రిప్టో కంపెనీలను ఎస్‌పీకే అనే పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ కిందికి తెచ్చింది. డబ్బు అక్రమ చలామణీని చూసే సంస్థ పేరు మసాక్. 2025 జూన్‌లో ఆర్థిక మంత్రి మెహ్మెత్ షిమ్షెక్ ప్రకటించిన నిబంధనల్లో ఒకటి, ప్రతి క్రిప్టో పంపకానికీ కనీసం 20 అక్షరాల వివరణ రాయాలన్నది. ‘Açıklama’ గడి అందుకోసమే.

ఇక్కడ రాసింది పంపే ఎక్స్ఛేంజ్ రికార్డుల్లో ఉంటుంది. బ్లాక్‌చైన్ మీదికి ట్యాగ్‌గా పోదు, అవతలి ఎక్స్ఛేంజ్ చూసి జమ చేయదు. టర్కీలో బ్యాంకు డబ్బు పంపేటప్పుడు కూడా ఇదే పేరుతో ఒక గడి ఉంటుంది, అందులో అద్దె కడితే ఫ్లాట్ నంబరు, ఫీజు కడితే విద్యార్థి నంబరు రాస్తాం. ఆ అలవాటుతోనే చేయి ట్యాగ్‌ను ఇక్కడికి తీసుకొస్తుంది. పైగా 20 అక్షరాలు కావాలని అడుగుతుంటే, ట్యాగ్ రాసి మిగతాది నింపేద్దాం అనిపిస్తుంది. నిజమైన కారణాన్ని పొట్టిగా రాయండి. సొంత అకౌంట్‌కి పంపుతుంటే ఇది చాలు:

```
Kendi hesabıma XRP transferi
```

‘నా సొంత అకౌంట్‌కి ఎక్స్‌ఆర్‌పీ పంపకం’ అని అర్థం, ఖాళీలతో కలిపి 28 అక్షరాలు. వేరేవాళ్లకి పంపుతుంటే ఈ వాక్యం వాడకండి, అది తప్పుడు ప్రకటన అవుతుంది.

దీని పక్కనే వాలెట్ ఎవరిది, అది ఎక్స్ఛేంజ్‌లోదా, సొంత వాలెట్టా అని అడుగుతారు. పంపేవారు, అందుకునేవారు ఎవరో రెండు కంపెనీలూ ఒకరికొకరు చెప్పుకోవాలన్న నియమం దీని వెనకుంది. 15,000 లీరాలు, ఆపైన పంపేటప్పుడు ఇది ఇంకా వివరంగా ఉంటుంది. అవతలి అకౌంట్లో మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఉందో లేదో ముందే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరంగా ఉండటం వల్ల పేర్లు కలవక పంపకం ఆగే అవకాశం ఉంది.

మొత్తం, ఫీజు: కామాతో జాగ్రత్త

‘Miktar’ గడిలో అంకెలు వేసే ముందు ఒక సంగతి. టర్కీలో దశాంశానికి కామా, వేలకు చుక్క పెడతారు. మనం 1,250 అని రాస్తే పన్నెండు వందల యాభై. టర్కీ పద్ధతిలో 1,250 అంటే ఒకటింపావు. పన్నెండు వందల యాభై కావాలంటే 1.250 అని చూపిస్తుంది. యాప్ భాష ఇంగ్లిష్‌కి మార్చితే కొన్నింట్లో ఈ పద్ధతి కూడా మారిపోతుంది, కొన్నింట్లో మారదు. అందుకని వేలు విడదీసే గుర్తు అసలు పెట్టకండి. 1250 అని ఒట్టి అంకెలు వేసి, కింద లీరాల్లో చూపించే విలువ మీ అంచనాకి దగ్గరగా ఉందో లేదో చూడండి. లీరా విలువ వెయ్యి రెట్లు తేడాగా కనిపిస్తే చుక్క దగ్గర తప్పు జరిగినట్టే.

తర్వాత ఫీజు. ‘Çekim ücreti’ లేదా ‘İşlem ücreti’ అని ఒక వరుస వస్తుంది. ఇది ఎక్స్ఛేంజ్ వసూలు చేసే మొత్తం, నెట్‌వర్క్‌కి నిజంగా అయ్యే ఖర్చు కాదు. ఎక్స్‌ఆర్‌పీ నెట్‌వర్క్‌లో ఒక పంపకానికి మూల ఖర్చు 0.00001 ఎక్స్‌ఆర్‌పీ మాత్రమే. ఎక్స్ఛేంజ్ తీసుకునేది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. సాధారణంగా ఇది స్థిరమైన మొత్తం, మీరు పది పంపినా పదివేలు పంపినా అంతే. అందుకే చిన్న పంపకాలకి బరువు, పెద్ద వాటికి తేలిక. ఉదాహరణకి TRC20 కి 2, ERC20 కి 6 యూఎస్‌డీటీ అని స్క్రీన్ చూపిస్తోందనుకుందాం. 100 పంపేవాడికి ఆ తేడా నాలుగు శాతం. 3,000 పంపేవాడికి పట్టించుకోనంత చిన్నది, వాడు అవతల ఖచ్చితంగా పనిచేసే నెట్‌వర్క్ చూసుకుంటే చాలు.

ఫీజు లోపలినుంచి కోస్తారా, పైన కలుపుతారా అన్నది యాప్‌ను బట్టి మారుతుంది. తెలుసుకోవడం తేలికే. 100 అని వేసి ‘Hesaba geçecek miktar’, అంటే అకౌంట్లో పడే మొత్తం అన్న వరుస చూడండి. అక్కడ 98 ఉంటే లోపలినుంచి కోస్తున్నారు. 100 ఉండి మీ బ్యాలెన్స్‌లోంచి 102 పోతుందని చూపిస్తే పైన కలుపుతున్నారు. ఎవరికైనా సరిగ్గా ఇంత అందాలన్నప్పుడు, లేదా అవతల కనీస డిపాజిట్ ఉన్నప్పుడు ఇది ముఖ్యం. కనీసం 10 అని ఉన్నచోటికి 10 పంపి, దారిలో రెండు కోత పడి 8 చేరితే అది జమ కాదు. ‘Tümü’ అనే బటన్ నొక్కితే మొత్తం బ్యాలెన్స్ పడుతుంది. అది నొక్కినప్పుడైనా అకౌంట్లో పడే మొత్తం వరుసనే చూడండి.

ఎర్ర అక్షరాల్లో వచ్చే హెచ్చరికలు

చివరి పెట్టెలో ‘Uyarı’ కింద రెండు మూడు వాక్యాలుంటాయి. అన్నీ దాదాపు ఒకే మాదిరి కాబట్టి మనం చదవకుండా టిక్ పెట్టేస్తాం. వాటిలో మూడు మాటలు వెతికితే చాలు. ‘yanlış ağ’ అంటే తప్పు నెట్‌వర్క్. అది పైన చూసుకున్నాం. ‘etiket’ అన్న మాట ఆ పెట్టెలో ఉందంటే ఈ కాయిన్‌కి మెమో సంగతి ఉందని యాప్ చెబుతోంది. మీరు మెమో రాయకుండా ఇక్కడిదాకా వచ్చుంటే వెనక్కి వెళ్లండి. ‘geri alınamaz’ అంటే వెనక్కి తీసుకోలేరు. ఇది భయపెట్టడానికి కాదు, నిజమే. నెట్‌వర్క్ మీద రాసేశాక పంపిన ఎక్స్ఛేంజ్ కూడా చేయగలిగింది లేదు.

‘ఆలస్యం కావచ్చు’ అన్న హెచ్చరిక వేరు, అది నిబంధనలది. 2025 ప్రకటన ప్రకారం, పంపేవారి, అందుకునేవారి వివరాలు రెండు కంపెనీల మధ్య మార్చుకునే నియమం అమలు కాని విత్‌డ్రాలను కనీసం 48 గంటలు, అకౌంట్‌లో మొట్టమొదటి విత్‌డ్రాను 72 గంటలు ఆపాలి. యూఎస్‌డీటీ లాంటి స్టేబుల్‌కాయిన్ల పంపకానికి రోజుకు 3,000 డాలర్లు, నెలకు 50,000 డాలర్ల పరిమితి పెట్టారు. ఆ నియమాన్ని పూర్తిగా అమలు చేసే ఎక్స్ఛేంజ్‌లలో అది రెట్టింపు వరకూ ఉండొచ్చు. మీ స్క్రీన్ మీద ‘Kalan limit’ అంటే మిగిలిన పరిమితి. ఆరోజు చెల్లేది అక్కడున్న అంకే. ‘Beklemede’, అంటే వేచి ఉంది అని మూడు రోజులు కనిపించినా డబ్బు పోలేదు, వరుసలో ఉంది.

ఈ ఆగడం మనకి ఒక మేలు కూడా చేస్తుంది. ఆ లోపు అడ్రస్, నెట్‌వర్క్, ట్యాగ్ వివరాల పేజీ తెరిచి మళ్లీ పోల్చుకోవచ్చు. తప్పు కనపడితే, ‘İptal’ బటన్ ఇంకా వెలుగుతుంటే, రద్దు చేసుకోవచ్చు. తమ్ముడికి మూడు రోజుల సమయం ఉండింది. తప్పు ఉందని తెలియక ఆ పేజీ తెరవలేదు.

300 ఎక్స్‌ఆర్‌పీ పంపిద్దాం

ఆ తర్వాత అతను రెండోసారి పంపినప్పుడు నేను వీడియో కాల్‌లో పక్కనే ఉన్నాను. బ్యాలెన్స్ 300 ఎక్స్‌ఆర్‌పీ, ఫీజు 0,25 అని చూపించింది, అంటే పావు.

ముందు ఫోన్లో అవతలి డిపాజిట్ పేజీ తెరిపించాను. నెట్‌వర్క్ ‘XRP’, అడ్రస్ r తో మొదలైంది, కింద ట్యాగ్ ఉంది. లాప్‌టాప్‌లో ‘Çek’ నొక్కి, ‘Ağ’ దగ్గర ఎక్స్‌ఆర్‌పీ సొంత నెట్‌వర్క్ ఎంచుకున్నాడు. అడ్రస్ అతికించి మొదలు, మధ్య, చివర నాకు చదివి వినిపించాడు. ట్యాగ్‌ను ‘Etiket’ గడిలో అతికించి, ఒక్కో అంకె పైకి చదివాడు. ‘Açıklama’ లో పైన రాసిన వాక్యం. వాలెట్ ఎవరిదన్న చోట తనదే అని, ఎక్స్ఛేంజ్ అని ఎంచుకున్నాడు.

మొదట 20 మాత్రమే పంపించాం. “మళ్లీ ఫీజు దండగ కదన్నా” అన్నాడు. దండగే, పావు ఎక్స్‌ఆర్‌పీ. పందొమ్మిదీ ముప్పావు అవతల జమ అయ్యాక, మిగతా 280 అదే అడ్రస్ బుక్ ఎంట్రీతో పంపాడు, 279,75 చేరింది. రెండు ఫీజులూ కలిపి అర ఎక్స్‌ఆర్‌పీ. ERC20 లాంటి ఖరీదైన దారిలో 50 యూఎస్‌డీటీ పంపేవాళ్లకి నేనీ సలహా ఇవ్వను, అక్కడ రెండు ఫీజులు నిజంగా బరువు. అలాంటప్పుడు వేరే దారి చూసుకోవడం నయం. ఇంకొకటి, పరీక్షకి పంపే మొత్తం రెండువైపులా కనీస పరిమితి కంటే పైనే ఉండాలి.

పంపాక జమ కాకపోతే

హిస్టరీలో ‘Tamamlandı’, అంటే పూర్తయింది అని ఉండి అవతల ఏమీ కనపడకపోతే, వివరాల్లో ‘TxID’ అనే పొడవాటి నంబరు కాపీ చేసి, ఆ నెట్‌వర్క్ లావాదేవీలన్నీ చూపించే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో వెతకండి. ట్రాన్‌కి Tronscan, ఎథీరియంకి Etherscan, ఎక్స్‌ఆర్‌పీకి XRPScan. అక్కడ లావాదేవీ కనపడకపోతే సమస్య పంపే వైపు ఉంది, వాళ్లనే అడగాలి. కనపడి, విజయవంతం అని ఉంటే పంపే ఎక్స్ఛేంజ్ పని అయిపోయింది, ఇక మాట్లాడాల్సింది అవతలివాళ్లతో.

ఎక్స్‌ఆర్‌పీ అయితే ఆ పేజీలో ‘Destination Tag’ అన్న వరుస చూడండి. ఖాళీగా ఉంటే, లేదా మీ నంబరు కాకుండా ఇంకేదో ఉంటే, కారణం దొరికినట్టే. అవతలి ఎక్స్ఛేంజ్ సపోర్ట్‌కి టిక్కెట్ పెట్టి TxID, మొత్తం, తేదీ, మీ సరైన ట్యాగ్, పంపిన అకౌంట్ మీదే అని చూపించే స్క్రీన్‌షాట్ ఇవ్వండి. ఇది చేత్తో చేసే పని కాబట్టి రోజులు పడుతుంది, కొందరు దానికి ఫీజు కూడా తీసుకుంటారు. తమ్ముడి దగ్గర కూడా కొంత కోసుకున్నారు. ట్యాగ్ వేరేవాళ్లదై, వాళ్ల అకౌంట్లో జమైపోతే ఇది ఇంకా కష్టం.

నెట్‌వర్క్ తప్పినప్పుడు రెండు దారులున్నాయి. 0x అడ్రస్ మీ సొంత వాలెట్‌దైతే గాభరా పడక్కర్లేదు. అదే తాళం ఆ నెట్‌వర్క్‌లన్నిటికీ పనిచేస్తుంది కాబట్టి, వాలెట్ యాప్‌లో ఆ నెట్‌వర్క్‌ను కలుపుకుంటే కాయిన్లు కనిపిస్తాయి. ఎక్స్ఛేంజ్‌దైతే తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. తీసివ్వడమా లేదా అన్నది వాళ్ల ఇష్టం, అందరూ చేయరు.

ఈ ఎదురుచూపుల్లోనే టెలిగ్రామ్‌లో ‘సపోర్ట్’ అని చెప్పుకుంటూ మెసేజ్‌లు వస్తాయి. తమ్ముడు ఒక గ్రూపులో తన సమస్య రాసిన పావుగంటకే ముగ్గురు పలకరించారు, ఒకడు వాలెట్‌కి తాళంలాంటి రికవరీ పదాలు 12 పంపమన్నాడు. ట్యాగ్ సరిచేయడానికి ఆ పదాలతో ఏ పనీ లేదు. టిక్కెట్ యాప్‌లోంచే పెట్టండి, జవాబు కూడా యాప్‌లోనే చూడండి.